80డీడీ: వైకల్యం ఉన్న పిల్లల ఖర్చుకు పన్ను మినహాయింపు, దానికి కావాల్సిన సర్టిఫికెట్

మా అక్క కొడుకుకు తొమ్మిదేళ్లు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ ఉంది. వారానికి నాలుగు రోజులు ఫిజియోథెరపీ, రెండు రోజులు స్పీచ్ థెరపీ, కాళ్లకు ఏడాదికోసారి కొత్త స్ప్లింట్లు. చాలా ఏళ్ల పాటు బావ ఈ ఖర్చుకు ఒక్క రూపాయి కూడా పన్ను మినహాయింపు తీసుకోలేదు. కారణం అడిగితే, "బిల్లులన్నీ దాచలేదు కదా, ఏం చూపిస్తాం?" అన్నాడు. నేను రిటర్నులు వేసే పనిలోనే ఉన్నా ఇంట్లో వాళ్లని ముందే అడగలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. ఈ మినహాయింపుకు అసలు కావాల్సింది బిల్లుల కట్ట కాదు, సరిగ్గా రాసిన ఒక సర్టిఫికెట్. అందుకే ఇక్కడ ఎక్కువ భాగం ఆ సర్టిఫికెట్ గురించే రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఇక్కడ చెప్పేది 1961 ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, 2025-26 ఆర్థిక సంవత్సరం ఆదాయానికి. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చే ఆదాయానికి 2025 కొత్త చట్టం వర్తిస్తుంది. అందులో సెక్షన్ల నంబర్లు మారాయి కాబట్టి ఆ ఏడాది పనులు మొదలుపెట్టే ముందు నంబర్లు, ఫారాలు ఒకసారి చూసుకోండి.

ఎవరికి, ఎంత

సెక్షన్ 80డీడీ కింద మినహాయింపు మొత్తం ముందే ఖరారై ఉంటుంది. వైకల్యం 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉంటే 75,000 రూపాయలు. 80 శాతం లేదా ఆపైన ఉంటే, అంటే తీవ్ర వైకల్యం అయితే, 1,25,000 రూపాయలు. మీరు 20,000 ఖర్చు పెట్టినా ఇదే, నాలుగు లక్షలు పెట్టినా ఇదే. అయితే ఆ ఏడాది వైద్యానికో, నర్సింగ్‌కో, శిక్షణకో, పునరావాసానికో కొంతైనా ఖర్చు పెట్టి ఉండాలి. ఖర్చే లేకపోతే మినహాయింపు అడగకూడదు.

అడిగే వ్యక్తి భారత్‌లో రెసిడెంట్ అయి ఉండాలి. దుబాయ్‌లోనో అమెరికాలోనో ఉద్యోగం చేస్తూ, ఇక్కడ అద్దె ఆదాయానికి రిటర్ను వేసే ఎన్నారైకి, ఊళ్లో ఉన్న తమ్ముడి కోసం డబ్బు పంపుతున్నా సరే, ఇది రాదు.

ఆధారపడిన వ్యక్తి అంటే భార్య లేదా భర్త, పిల్లలు, తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అంతే. అత్తమామలు ఈ జాబితాలో లేరు. మనవలు, మేనల్లుళ్లు కూడా లేరు. మా మేనల్లుడికి నేనెంత ఖర్చు పెట్టినా నేను అడగలేను, బావ అడగాలి. హిందూ అవిభక్త కుటుంబం పేరుతో రిటర్ను వేస్తే మాత్రం ఆ కుటుంబంలోని ఏ సభ్యుడి కోసమైనా అడగవచ్చు. ఆ వ్యక్తి పోషణ పూర్తిగానో, ప్రధానంగానో మీ మీదే ఆధారపడి ఉండాలి. తన సొంత రిటర్నులో 80యూ కింద మినహాయింపు తీసుకుని ఉండకూడదు.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే ఒకే బిడ్డకు ఇద్దరూ అడగకండి. బిడ్డ ఖర్చు ప్రధానంగా ఎవరు భరిస్తున్నారో వాళ్లే అడగడం పద్ధతి.

మొదట చేయాల్సిన లెక్క: పాత విధానమా, కొత్త విధానమా

సర్టిఫికెట్ కోసం తిరగడం మొదలుపెట్టే ముందే ఈ లెక్క వేయండి. 80డీడీ పాత పన్ను విధానంలో మాత్రమే ఉంది. ఇప్పుడు మనం ఏమీ చెప్పకపోతే వర్తించేది కొత్త విధానం. అందులో జీతం 12.75 లక్షల వరకు ఉన్న ఉద్యోగికి ఎలాగూ పన్ను పడదు కాబట్టి, ఆ లోపు జీతం ఉన్న చాలా మందికి 80డీడీతో పని ఉండదు. ఈ మాట చెప్పినప్పుడు కొందరు తల్లిదండ్రులు నిరాశపడటం చూశాను. కానీ పన్నే లేనప్పుడు మినహాయింపు లేకపోవడం నష్టం కాదు.

బావ లెక్క చూడండి. జీతం 14 లక్షలు. వృత్తి పన్ను వదిలేసి లెక్క వేస్తున్నాను. కొత్త విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ పోగా 13,25,000 మీద సెస్సుతో కలిపి పన్ను 81,900.

పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, 80సీ కింద లక్షన్నర, హోమ్ లోన్ వడ్డీ రెండు లక్షలు, తనకూ వృద్ధులైన తల్లిదండ్రులకూ కట్టిన హెల్త్ ఇన్సూరెన్స్ 75,000. ఇవన్నీ పోతే మిగిలేది 9,25,000. దీని మీద పన్ను 1,01,400. అంటే 80డీడీ లేకపోతే పాత విధానం దండగ. సర్టిఫికెట్‌లో 40 నుంచి 79 మధ్య శాతం ఉంటే 75,000 తగ్గి పన్ను 85,800 అవుతుంది. అప్పటికీ కొత్త విధానమే 3,900 తక్కువ. 80 శాతం ఉంటే 1,25,000 తగ్గుతుంది, పన్ను 75,400కి దిగుతుంది. ఇప్పుడు పాత విధానం 6,500 రూపాయలు లాభం.

సర్టిఫికెట్ మీద 75 ఉందా, 80 ఉందా అన్నదే ఇక్కడ మొత్తం లెక్కను తిప్పేసింది. బావకి ఏటా 6,500 అంటే రెండు వారాల ఫిజియోథెరపీ ఫీజు. హోమ్ లోన్, వృద్ధ తల్లిదండ్రుల ఇన్సూరెన్స్ లాంటివి లేనివాళ్లకు పాత విధానం అసలు కలిసిరాకపోవచ్చు. ఆదాయం పెరిగేకొద్దీ కొత్త విధానాన్ని దాటాలంటే ఇంకా పెద్ద మినహాయింపులు కావాలి. మీ అంకెలతో రెండు విధానాల్లోనూ వేసి చూసుకోండి.

ఏ వైకల్యానికి ఏ సర్టిఫికెట్

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. సర్టిఫికెట్లు రెండు రకాలు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం, ఈ మూడింటికి ఆదాయపు పన్ను శాఖ సొంత నమూనా ఉంది. అదే ఫారం 10ఐఏ. దాని మీద న్యూరాలజీలో ఎండీ డిగ్రీ ఉన్న న్యూరాలజిస్టు సంతకం చేయాలి. పిల్లలైతే తత్సమాన డిగ్రీ ఉన్న పీడియాట్రిక్ న్యూరాలజిస్టు, లేదంటే ప్రభుత్వ ఆసుపత్రిలోని సివిల్ సర్జన్ లేదా చీఫ్ మెడికల్ ఆఫీసర్ చేయవచ్చు. పిల్లల డాక్టరు, ఫిజియోథెరపిస్టు, సైకాలజిస్టు రాసిచ్చినవి ఎంత వివరంగా ఉన్నా దీనికి పనికిరావు.

చూపు లేకపోవడం, చూపు తక్కువగా ఉండటం, వినికిడి లోపం, చేతులు కాళ్ల వైకల్యం, బుద్ధిమాంద్యం, మానసిక అనారోగ్యం, నయమైన కుష్ఠు వల్ల వచ్చిన వైకల్యం. వీటికి 10ఐఏ అవసరం లేదు. ప్రభుత్వ మెడికల్ బోర్డు ఇచ్చే వైకల్య ధ్రువపత్రం చాలు. మన రెండు రాష్ట్రాల్లో దీన్నే జనం సదరం సర్టిఫికెట్ అంటారు. ఇప్పుడు దేశమంతా ఒకే నంబరుతో యూడీఐడీ కార్డు కూడా వస్తోంది, దానికి దరఖాస్తు swavlambancard.gov.in లో చేస్తారు. కార్డు రంగు చూసినా శాతం తెలిసిపోతుంది. 40 లోపు తెలుపు, 40 నుంచి 80 లోపు పసుపు, 80 ఆపైన నీలం. 80డీడీ కోసం చూస్తే తెల్ల కార్డుకి ఏమీ రాదు, పసుపుకి 75,000, నీలానికి 1,25,000.

ఇంకో చిక్కు ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కానీ 80డీడీ ఇంకా 1995 చట్టంలోని పాత జాబితానే పట్టుకుని ఉంది, దానికి పై మూడింటిని కలిపింది. అందుకే తలసీమియా, హీమోఫీలియా ఉన్న పిల్లలకు యూడీఐడీ కార్డు ఉన్నా 80డీడీలో వాటి పేరు కనిపించదు. వాళ్లు 80డీడీబీ వైపు చూడాలి. అది వేరే సెక్షన్. నిర్దేశించిన జబ్బులకు నిజంగా అయిన ఖర్చులో 40,000 వరకు (రోగి సీనియర్ సిటిజన్ అయితే లక్ష వరకు) ఇస్తుంది. దానికి స్పెషలిస్టు ప్రిస్క్రిప్షన్ కావాలి, ఇన్సూరెన్స్ నుంచి వచ్చిన డబ్బు తీసేయాలి. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఈ రెండింటినీ కలిపేసి రిటర్నులో తప్పు గడిలో అంకె వేసినవాళ్లు నా దగ్గరకే ముగ్గురు వచ్చారు.

ఫారం 10ఐఏని చదివి తీసుకోవడం

ఈ ఫారం ఒక్క పేజీ. చూడటానికి చిన్నదే, కానీ చెడిపోయేది ఇక్కడే.

పైన సర్టిఫికెట్ నంబరు, తేదీ. తర్వాత పేరు, తండ్రి పేరు, వయసు, ఆడ/మగ. దాని కింద ఒక వాక్యం ఉంటుంది. ఈ వ్యక్తి "వైకల్యం ఉన్నవారు / తీవ్ర వైకల్యం ఉన్నవారు" అని రెండూ పక్కపక్కనే అచ్చయి ఉంటాయి. వెంటనే "ఆటిజం / సెరిబ్రల్ పాల్సీ / బహుళ వైకల్యం" అని మూడు. డాక్టరు వర్తించనివి కొట్టేయాలి. రెండో పాయింటులో పరిస్థితి ముదిరేదా, ముదరనిదా, మెరుగుపడేదా, మెరుగుపడనిదా అన్నది. మూడోదాంట్లో మళ్లీ పరీక్ష అవసరమా కాదా, అవసరమైతే ఎన్ని నెలలకు లేదా ఏళ్లకు అన్నది. చివర్లో డాక్టరు పేరు, అర్హత, ఆసుపత్రి చిరునామా, సంతకం, ముద్ర. రోగి సంతకం లేదా వేలిముద్ర.

మొదటిసారి అక్క తెచ్చిన కాగితంలో ఒక్క పదం కూడా కొట్టేసి లేదు. సంతకం ఉంది, ముద్ర ఉంది, కానీ బాబుకి ఆటిజం ఉందో సెరిబ్రల్ పాల్సీ ఉందో, వైకల్యమో తీవ్ర వైకల్యమో ఆ కాగితం చెప్పడం లేదు. మళ్లీ పంపాను. రెండోసారి డాక్టరుగారు కాగితం చేతిలోకి తీసుకుని, "ఇందులో ఏది ఉంచాలమ్మా?" అని అక్కనే అడిగారట. అక్క బాబు మెడికల్ బోర్డు సర్టిఫికెట్ చూపించింది. దాని మీద 80 శాతం అని ఉంది. ఆయన పరీక్ష చేసి, "తీవ్ర వైకల్యం" ఉంచి, ముందున్నదాన్ని కొట్టేసి, కొట్టేసిన ప్రతిచోటా పక్కన చిన్న సంతకం పెట్టారు. మూడో పాయింటులో మూడేళ్ల తర్వాత మళ్లీ చూడాలని రాశారు.

కాబట్టి వెళ్లేటప్పుడు ఖాళీ ఫారం మీరే ప్రింటు తీసుకెళ్లండి. బిడ్డ పేరు ఆధార్‌లో ఎలా ఉందో అలాగే ఫారంలో రాయించండి. మెడికల్ బోర్డు సర్టిఫికెట్, ఎంఆర్ఐ రిపోర్టు, పాత డిశ్చార్జ్ సమ్మరీ వెంట పెట్టుకోండి. బయటకు వచ్చే ముందు అక్కడే నిలబడి నాలుగు చూసుకోండి: కొట్టేసినవి సరిగ్గా ఉన్నాయా, తేదీ ఉందా, డాక్టరు అర్హత రాశారా, మళ్లీ పరీక్ష ఎప్పుడో నింపారా. డాక్టరుగారిని శాతం పెంచి రాయమని అడగకండి. ఆ అంకె రేపు పింఛనుకీ, రైల్వే రాయితీకీ, చదువులో రిజర్వేషన్‌కీ వేరే బోర్డు ముందు మళ్లీ తేలుతుంది. తేడా వస్తే బిడ్డకే ఇబ్బంది.

ఎప్పటి వరకు చెల్లుతుంది

మళ్లీ పరీక్ష అవసరమని రాసిన సర్టిఫికెట్‌కి గడువు ఉంటుంది. అది జారీ అయిన ఆర్థిక సంవత్సరం నుంచి మొదలై, గడువు ముగిసే ఆర్థిక సంవత్సరం పూర్తయ్యే వరకు చెల్లుతుంది. బాబు సర్టిఫికెట్ 2022 ఆగస్టులో, మూడేళ్లకు ఇచ్చారు. 2025 ఆగస్టులో గడువు ముగిసింది. అయినా 2022-23 నుంచి 2025-26 వరకు, మొత్తం నాలుగు ఆర్థిక సంవత్సరాలకు అది పనిచేస్తుంది. 2026-27కి మాత్రం కొత్తది కావాలి.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఇలాంటి సర్టిఫికెట్ మే నెలలో తీసుకుని, అంతకు ముందు మార్చి 31తో ముగిసిన ఏడాదికి వాడలేం. రిటర్ను వేసేటప్పుడు, అంటే జూన్‌లో, జులైలో, గుర్తొచ్చి పరుగెత్తేవాళ్లకు ఇది పెద్ద దెబ్బ. సంవత్సరం ముగిసేలోపు, వీలైతే జనవరిలోనే, కాగితం చేతిలో ఉండాలి. న్యూరాలజిస్టు అపాయింట్‌మెంట్‌కీ మెడికల్ బోర్డు స్లాట్‌కీ వారాలు పడుతుంది, దాన్ని కూడా లెక్కలో పెట్టుకోండి.

ఆఫీసులో ఇవ్వడం, ఖర్చు దాఖలాలు

డిసెంబరు, జనవరి నెలల్లో ఆఫీసు వాళ్లు ఫారం 12బీబీతో ప్రూఫులు అడుగుతారు. పాత విధానం ఎంచుకున్నవాళ్లు సర్టిఫికెట్ కాపీ అప్పుడే ఇస్తే టీడీఎస్ తగ్గుతుంది. కొన్ని అకౌంట్స్ విభాగాలు "మొత్తం 1,25,000కి బిల్లులు తెండి" అని అడుగుతాయి. మినహాయింపు ఖర్చుతో సంబంధం లేకుండా స్థిరమైనదని మర్యాదగా చెప్పి, కొన్ని రసీదులు జత చేయండి. వినకపోతే టెన్షన్ పడకండి, రిటర్నులో అడిగి రీఫండ్ తీసుకోవచ్చు. ఆఫీసులో కొత్త విధానం ప్రకారం టీడీఎస్ కోసినా, వ్యాపార ఆదాయం లేని ఉద్యోగి రిటర్నులో పాత విధానానికి మారవచ్చు.

రసీదుల విషయంలో మా అక్క ఇప్పుడు చేసేది బాగుంది. థెరపీ సెంటర్ దగ్గర నెలకు ఒక రసీదు బిడ్డ పేరు మీద రాయించుకుంటుంది, ఫీజు బావ ఖాతా నుంచే యూపీఐలో కడతాడు. పన్నెండు రసీదులు, ఒక బ్యాంకు స్టేట్‌మెంట్. రేపు ఎవరైనా అడిగితే ఖర్చు పెట్టారని, బావే పెట్టాడని చెప్పడానికి ఇవి చాలు.

ఖర్చు బదులు, వైకల్యం ఉన్న వ్యక్తి భవిష్యత్తు పోషణ కోసం ఎల్ఐసీ వంటి సంస్థలు నడిపే ఆమోదిత పథకంలో డబ్బు కట్టినా ఇదే మినహాయింపు వస్తుంది. మామూలు హెల్త్ పాలసీ ప్రీమియం దీనికిందికి రాదు, అది 80డీలోకి వెళ్తుంది.

రిటర్నులో నింపడం

10ఐఏ ఉన్నవాళ్లు ముందు ఆ ఫారాన్ని ఆన్‌లైన్‌లో దాఖలు చేయాలి. incometax.gov.in లో పన్ను కట్టే వ్యక్తి పాన్‌తో లాగిన్ అవ్వండి. బిడ్డ పాన్‌తో కాదు. తర్వాత ఈ దారిలో వెళ్లండి:

```
e-File → Income Tax Forms → File Income Tax Forms → Form 10-IA
```

అసెస్‌మెంట్ ఇయర్ జాగ్రత్తగా ఎంచుకోండి. 2025-26 ఆర్థిక సంవత్సరానికి అది 2026-27. కాగితం మీద ఉన్న వివరాలే అక్షరం తేడా లేకుండా నింపి, ఈ-వెరిఫై చేయండి. అప్పుడు ఒక అకనాలెడ్జ్‌మెంట్ నంబరు, తేదీ వస్తాయి. రెండూ రాసి పెట్టుకోండి.

ఆ తర్వాతే రిటర్ను. 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి రిటర్నులో Schedule 80DD అని ప్రత్యేకంగా వచ్చింది. అంతకు ముందు అంకె వేస్తే సరిపోయేది, ఇప్పుడు వైకల్యం స్వభావం, ఆధారపడినది ఎవరు, వాళ్ల పాన్ లేదా ఆధార్, 10ఐఏ వేసిన తేదీ, దాని అకనాలెడ్జ్‌మెంట్ నంబరు, ఉంటే యూడీఐడీ నంబరు అడుగుతుంది. సర్టిఫికెట్‌ను రిటర్నుకి జత చేయనక్కర్లేదు. కానీ అసలు కాగితం భద్రంగా ఉంచాలి, నోటీసు వస్తే మొదట అడిగేది దాన్నే.

విధానం ఎంపిక దగ్గర ఒక్క నిమిషం ఆగండి. జీతం ఆదాయమే ఉన్నవాళ్లు రిటర్నులోనే పాత విధానం ఎంచుకోవచ్చు, కానీ గడువులోపు వేస్తేనే. గడువు దాటాక ఆలస్య రుసుముతో వేసే రిటర్నులో పాత విధానం దొరకదు, దాంతో 80డీడీ కూడా పోతుంది. షాపు, కాంట్రాక్టు, ప్రాక్టీసు వంటి వ్యాపార ఆదాయం ఉన్నవాళ్లు పాత విధానం కావాలంటే అదే గడువులోపు ఫారం 10ఐఈఏ విడిగా వేయాలి.

రిటర్నులు వేసిపెట్టే కొందరు శాతం అడక్కుండానే 1,25,000 వేసేస్తారు. మీ రిటర్ను వేరేవాళ్లు వేస్తుంటే, సబ్మిట్ చేసే ముందు ఆ షెడ్యూల్ ఒక్కటైనా మీరు తెరిచి చూడండి. సంతకం మీది, తప్పు చూపిస్తే పన్ను, వడ్డీ, పెనాల్టీ కట్టాల్సింది మీరే. తప్పు వేశారని తర్వాత తెలిస్తే గడువులోపు రివైజ్డ్ రిటర్ను వేసి సరిచేయండి.

బావ ఫైలులో ఇప్పుడు నాలుగు కాగితాలున్నాయి: 10ఐఏ అసలు, మెడికల్ బోర్డు సర్టిఫికెట్ కాపీ, ఆన్‌లైన్ అకనాలెడ్జ్‌మెంట్ ప్రింటు, ఆ ఏడాది రసీదుల కవరు. కవరు మీద అక్క ఎర్ర పెన్నుతో రాసింది: "కొత్త 10ఐఏ, 2027 మార్చిలోపు. న్యూరాలజిస్టు అపాయింట్‌మెంట్ డిసెంబరులోనే."